దిగే ఊరిని బట్టి క్యాబ్ ఖర్చు పంచుకోవడం ఎలా: హైదరాబాద్–విజయవాడ దారిలో ఒక లెక్క

పండక్కి ఊరెళ్లాలి, బస్సు టికెట్లు దొరకలేదు. తెలిసినవాళ్లు నలుగురు కలిసి ఎల్బీనగర్ నుంచి విజయవాడకు వన్‌వే క్యాబ్ మాట్లాడుకున్నారు. లావణ్య సూర్యాపేటలో దిగిపోతుంది, నరేశ్ కోదాడలో దిగుతాడు. పద్మ, ఆమె భర్త శ్రీను విజయవాడ దాకా వెళ్తారు. డ్రైవర్ అడిగింది 5,400 రూపాయలు. ఇప్పుడు ఎవరు ఎంత ఇవ్వాలి?

నలుగురు కదా, తలా 1,350 అనేస్తే లావణ్య ఊరుకోదు. సగం దారి కూడా రాకముందే దిగిపోయే మనిషి చివరిదాకా వెళ్లేవాళ్లతో సమానంగా ఎందుకివ్వాలి? అలాగని "మీకు తోచినంత ఇవ్వండి" అంటే అది ఇంకా ఇబ్బంది. ఇచ్చిన మనిషికి ఎక్కువ ఇచ్చానేమో అనిపిస్తుంది, తీసుకున్నవాళ్లకి తక్కువ ఇచ్చారేమో అనిపిస్తుంది. దీనికి కాగితం మీద అయిదు నిమిషాల్లో తేలిపోయే లెక్క ఒకటుంది. దారిని ముక్కలు చేసి, ఏ ముక్కలో బండిలో ఎంతమంది ఉంటే ఆ ముక్క ఖర్చుని అంతమందికీ సమానంగా పంచడం. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ ఒక్క సూత్రాన్ని అసలు ప్రయాణంలో ఎలా వాడాలన్నదే.

ముందు దూరాలు, రేటు రాసుకోండి

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఎక్కే చోటు నుంచి ఒక్కొక్కరు దిగే చోటు ఎన్ని కిలోమీటర్లో చూసుకోండి. మన ఉదాహరణలో ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట సుమారు 130, కోదాడ 175, విజయవాడ 270 అని గుండ్రంగా వేసుకుందాం. రెండు మూడు కిలోమీటర్లు అటూ ఇటూ అయినా తలా తేడా పది ఇరవై రూపాయలు దాటదు. దాని గురించి వాదించుకోవద్దు. అందరూ ఒకే మ్యాప్ చూడటం మాత్రం ముఖ్యం.

తర్వాత డ్రైవర్‌ని ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "ఈ 5,400లో టోల్ కలిసే ఉందా, విడిగానా?" కలిసే ఉందంటే మీ పని సగం తగ్గింది. విడిగా అంటే దాన్ని ఎలా పంచాలో కింద చెప్తాను. డ్రైవర్ బత్తా, పార్కింగ్ లాంటివి కూడా అప్పుడే అడిగేయండి. వన్‌వే ట్రిప్పులో బత్తా సాధారణంగా రేటులోనే కలిపేస్తారు. విడిగా అడిగితే, ఆ చిన్న మొత్తాన్ని తలా సమానంగా వేసుకోవడమే తేలిక.

మొత్తం ఛార్జీని మొత్తం కిలోమీటర్లతో భాగించండి. 5,400ని 270తో భాగిస్తే కిలోమీటరుకి 20 రూపాయలు. డ్రైవర్ మీకు కిలోమీటరు రేటు చెప్పకుండా గుత్తగా చెప్పినా ఫరవాలేదు, మన లెక్కకి ఈ సంఖ్య చాలు. వన్‌వే రేటులో డ్రైవర్ ఖాళీగా తిరిగొచ్చే ఖర్చు కూడా దాగి ఉంటుంది. అదీ దూరంతోపాటే పెరిగే ఖర్చు కాబట్టి విడదీయాల్సిన పని లేదు.

దారిని ముక్కలు చేయండి

ఎవరో ఒకరు దిగిన ప్రతిచోటా ఒక ముక్క అయిపోయినట్టు లెక్క. ఇక్కడ మూడు ముక్కలు వస్తాయి.

ఎల్బీనగర్ నుంచి సూర్యాపేట దాకా 130 కిలోమీటర్లు, ఖర్చు 2,600. బండిలో నలుగురూ ఉన్నారు. తలా 650.

సూర్యాపేట నుంచి కోదాడ దాకా 45 కిలోమీటర్లు, ఖర్చు 900. లావణ్య దిగిపోయింది, ముగ్గురున్నారు. తలా 300.

కోదాడ నుంచి విజయవాడ దాకా 95 కిలోమీటర్లు, ఖర్చు 1,900. పద్మ, శ్రీను ఇద్దరే ఉన్నారు. తలా 950.

ఇప్పుడు ఎవరెవరు ఏ ముక్కల్లో ఉన్నారో అవి కలపండి. లావణ్య మొదటి ముక్కలోనే ఉంది కాబట్టి 650. నరేశ్‌కి 650, 300 కలిపి 950. పద్మకి 650, 300, 950 కలిపి 1,900. శ్రీనుకీ అంతే. అన్నీ కూడితే 5,400 రావాలి, వచ్చింది. ఈ కూడిక మానకండి. మొత్తం సరిపోలేదంటే ఎక్కడో తలలు తప్పు లెక్కపెట్టారని అర్థం. దిగిపోయిన మనిషిని తర్వాతి ముక్కలో కూడా లెక్కేయడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

మరి ఉత్త కిలోమీటర్ల లెక్క ఎందుకు కాదు?

చాలామంది చేసేది వేరే లెక్క. నలుగురూ ప్రయాణించిన కిలోమీటర్లు కూడతారు: 130, 175, 270, 270. మొత్తం 845. 5,400ని 845తో భాగిస్తే 6 రూపాయల 39 పైసలు. దాన్ని ఎవరి కిలోమీటర్లతో వాళ్లకి గుణిస్తారు. అప్పుడు లావణ్యకి సుమారు 831, నరేశ్‌కి 1,118, పద్మా శ్రీనులకి తలా 1,725 పడుతుంది. చూడటానికి ఇదీ న్యాయంగానే ఉంటుంది. తలా సమానం అనేదాని కన్నా ఎంతో నయం కూడా.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. పద్మ, శ్రీను విజయవాడలో ఆగకుండా ఇంకో 35 కిలోమీటర్లు గుంటూరు దాకా వెళ్లాలనుకున్నారనుకోండి. అదే రేటున బండి 6,100 అవుతుంది. కిలోమీటర్ల మొత్తం 915. ఈసారి లావణ్య వాటా 867కి పెరుగుతుంది. సూర్యాపేటలో దిగి ఇంటికెళ్లి అన్నం తింటున్న మనిషి, ఎవరో గుంటూరు వెళ్లినందుకు 36 రూపాయలు ఎక్కువ ఇవ్వాలి! నరేశ్‌కి కూడా 48 రూపాయలు పెరుగుతుంది. ముక్కల లెక్కలో అయితే లావణ్య 650, నరేశ్ 950 అలాగే ఉంటాయి. పెరిగిన 700 ఎవరి కోసం పెరిగిందో వాళ్ల మీదే పడుతుంది.

కారణం తేలికే. నలుగురూ ఉన్న దారిలో సీటు చవక, ఇద్దరే ఉన్న దారిలో సీటు ఖరీదు. కోదాడ దాటాక బండి ఇద్దరి కోసమే పోతోంది. కిలోమీటర్ల సగటు వేసేసరికి ఆ ఖరీదైన చివరి ముక్కలో కొంత భారం ముందే దిగిపోయినవాళ్ల మీదకి జారుతుంది.

ఇది నేను కనిపెట్టింది కాదు. విమానాశ్రయంలో రన్‌వే ఖర్చుని చిన్న విమానాలు, పెద్ద విమానాలు ఎలా పంచుకోవాలన్న ప్రశ్నకి లిటిల్‌చైల్డ్, ఓవెన్ అనే ఇద్దరు 1973లో ఇదే జవాబు రాశారు. చిన్న విమానానికి కొంత పొడవు చాలు, ఆ పొడవు ఖర్చుని అందరూ సమానంగా పంచుకోవాలి. అంతకు మించిన పొడవు ఎవరికి అవసరమో వాళ్లే పంచుకోవాలి. లాయిడ్ షాప్లీ 1953లో ఇచ్చిన పంపకం సూత్రాన్ని ఇలాంటి ఖర్చుకి వాడితే వచ్చే ఫలితం సరిగ్గా ఇదేనని వాళ్లు చూపించారు. షాప్లీకి 2012లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. గ్రూపులో ఎవరైనా మరీ పట్టుబడితే ఈ ముక్క చెప్పండి, పనికొస్తుంది.

ఒక్క జాగ్రత్త. ముక్కల లెక్కలో చివరిదాకా వెళ్లేవాళ్లకి కిలోమీటర్ల లెక్క కన్నా ఎక్కువ పడుతుంది. మన ఉదాహరణలో తలా 175 రూపాయలు ఎక్కువ. అందుకే ఏ లెక్క అన్నది బండి ఎక్కకముందే తేల్చుకోవాలి. దిగేటప్పుడు మొదలుపెడితే, ఎవరికి లాభమైన లెక్కని వాళ్లు వెనకేసుకొస్తారు.

టోల్ ఏ ముక్కలో ఉందో ఆ ముక్కకే

ఈ దారిలో మూడు టోల్ గేట్లున్నాయి. చౌటుప్పల్ దగ్గర పంతంగి, కేతేపల్లి దగ్గర కొర్లపహాడ్, కోదాడ దాటాక జగ్గయ్యపేట దగ్గర చిల్లకల్లు. మొదటి రెండూ సూర్యాపేట కన్నా ముందే వస్తాయి కాబట్టి అవి నలుగురివి. చిల్లకల్లు వచ్చేసరికి లావణ్యా లేదు, నరేశూ లేడు. అది పద్మా శ్రీనులది.

టోల్ రేట్లు మారుతుంటాయి, అందుకని అంచనా వేయకుండా ఫాస్టాగ్ నుంచి డ్రైవర్ ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చూసి రాసుకోండి. లెక్క కోసం మొదటి రెండు గేట్లకి కలిపి 200, మూడోదానికి 100 అయిందనుకుందాం. 200ని నలుగురికి పంచితే తలా 50. 100ని ఇద్దరికి పంచితే తలా 50. ఇప్పుడు లావణ్య 700, నరేశ్ 1,000, పద్మ 2,000, శ్రీను 2,000. మొత్తం 5,700.

హైవే దిగి లోపలికి తిప్పితే

గొడవలు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. నరేశ్ ఇల్లు కోదాడ బైపాస్ మీద కాదు, లోపల 6 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో. "పెద్ద దూరమేం కాదన్నా, ఇంటి దగ్గర దింపేయ్" అంటాడు. బండి లోపలికి 6, మళ్లీ హైవే మీదకి రావడానికి 6, మొత్తం 12 కిలోమీటర్లు తిరుగుతుంది. మన రేటున 240 రూపాయలు.

ముక్కల లెక్కని కళ్లు మూసుకుని వాడితే ఇక్కడ దెబ్బతింటారు. లోపలికి వెళ్లేటప్పుడు ముగ్గురున్నారు, తలా 40. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరే ఉన్నారు, తలా 60. అంటే నరేశ్ కోసం తిరిగిన దారికి నరేశ్ 40 ఇస్తాడు, పద్మా శ్రీనులు తలా 100 ఇస్తారు. పైగా వాళ్ల అరగంట కూడా పోయింది. ఇది తలకిందుల లెక్క.

కాబట్టి ఇక్కడ "బండిలో ఎవరున్నారు" అని కాకుండా "ఈ దారి ఎవరి కోసం" అని అడగాలి. తిన్నగా పోయే హైవే మీద రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే, పక్కకి తిరిగినప్పుడు మాత్రం వేరవుతుంది. ఆ 12 కిలోమీటర్ల ఖర్చు మొత్తం నరేశ్‌దే. డ్రైవర్ కిలోమీటర్లతో పని లేకుండా "లోపలికి అయితే 300 ఎక్కువవుతుంది" అంటే ఆ 300 నరేశ్ ఇస్తాడు. డ్రైవర్ ఏమీ అడక్కుండా దింపేస్తే పంచాల్సిందేమీ లేదు. టీ ఖర్చు నరేశ్‌ది అనుకోండి, చాలు.

ఎక్కే చోట్లకి కూడా ఇదే పద్ధతి. నరేశ్ మియాపూర్‌లో ఎక్కుతానంటే, ముందు డ్రైవర్‌ని రెండు రేట్లు అడగండి: మియాపూర్ నుంచి ఎంత, ఎల్బీనగర్ నుంచి ఎంత. 6,000, 5,400 అని చెప్తే ఆ 600 నరేశ్ ఒక్కడిదే. సిటీలో ఎక్కడ ఎక్కినా ఒకటే రేటు అంటే లెక్క ఎల్బీనగర్ నుంచే మొదలుపెట్టండి.

తలలు ఎలా లెక్కపెట్టాలి

"మేమిద్దరం ఒక ఫ్యామిలీ కదా, ఒక వాటాయే" అనే మాట ప్రతి గ్రూపులోనూ ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకుంటే ఏమవుతుందో చూడండి. మొదటి ముక్క 2,600ని మూడుతో భాగించాలి, లావణ్యకి 650 బదులు 867 పడుతుంది. సీటుకి ఒక తల, అంతే. ఒళ్లో కూర్చునే పసిపిల్లని లెక్కపెట్టక్కర్లేదు. విడిగా సీటు పట్టే పిల్లాడు ఆరేళ్లవాడైనా ఒక తలే. బియ్యం బస్తాలు, టీవీ డబ్బా లాంటివి సీటు మీదకి వచ్చి ఇంకో మనిషి ఎక్కే వీలు లేకుండా పోతే, అవీ ఒక తలే.

దారులు వేరైతే

ముక్కల లెక్క ఒకే దారిలో వరుసగా దిగేవాళ్లకి. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో దిగి ఒకరు గచ్చిబౌలి, ఒకరు ఉప్పల్ వెళ్లాలంటే అది కుదరదు, ఎందుకంటే అక్కడ ఎవరి దారి ఎవరికి చుట్టో చెప్పలేం. అప్పుడు ఇద్దరూ తమ తమ ఇళ్లకి విడివిడిగా వెళ్తే ఎంతవుతుందో యాప్‌లో చూసుకోండి. ఒకరికి 700, ఇంకొకరికి 800 చూపించిందనుకోండి, విడిగా అయితే 1,500. ఒకే క్యాబ్‌లో ఇద్దరినీ దింపడానికి 1,200 అయితే, నూటికి 80 పడినట్టు. మొదటివారు 560, రెండోవారు 640. కలిసి వెళ్తే 1,500కి దగ్గరగా వస్తోందంటే అసలు కలవకండి, టైమ్ దండగ.

హైవే ప్రయాణంలో కూడా ఇలాంటి పరీక్ష ఒకటి చేసుకోవచ్చు. లావణ్య వాటా 700 కదా, అదే రోజు సూర్యాపేటకి బస్సులో ఎంతవుతుందో చూడండి. బస్సు చాలా తక్కువై, సీటు కూడా దొరికేట్టుంటే ఆవిడ క్యాబ్‌కి రాదు. అప్పుడు ఆవిడ 650 ఛార్జీ మిగతా ముగ్గురి మీద పడుతుంది. ఆవిడకి ఓ వంద తగ్గించి బండిలో ఉంచుకోవడమే మిగతావాళ్లకి లాభం. ఇందులో దాపరికం అక్కర్లేదు, అందరికీ తెలిసేలా తగ్గించండి.

సొంత కారైతే

గ్రూపులో ఒకరి కారులోనే వెళ్తుంటే లెక్క పద్ధతి అదే, రేటు మాత్రం క్యాబ్ రేటు కాదు. కారు లీటరుకి 15 కిలోమీటర్లు ఇస్తుంది, పెట్రోలు లీటరు 105 అనుకుంటే కిలోమీటరుకి 7 రూపాయలు. ఆ 7 రూపాయలతో ముక్కలు లెక్కేసి, టోల్ కలపండి. కారు యజమాని కూడా ఒక తలే, తన వాటా తను వేసుకోవాలి. టైర్లు, సర్వీసింగ్ కోసం కిలోమీటరుకి ఒకటో రెండో రూపాయలు కలుపుకుందామంటే ముందే చెప్పి కలుపుకోవచ్చు. అయితే తెల్ల నంబరు ప్లేటు బండిలో లాభం వచ్చేలా డబ్బు తీసుకుంటే అది కిరాయికి తిప్పడం అవుతుంది. దానికి పర్మిట్ కావాలి. దారిలో ఏమైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ అభ్యంతరం చెప్పడానికి అదొక్కటి చాలు. ఖర్చు పంచుకోవడం దగ్గరే ఆగండి.

ముందు రోజే మెసేజ్ పెట్టండి

లెక్క తేలాక గ్రూపులో ఇలా పెట్టండి:

"శనివారం పొద్దున 6కి ఎల్బీనగర్ మెట్రో దగ్గర. క్యాబ్ 5,400, టోల్ విడిగా. లావణ్య 650, నరేశ్ 950, పద్మా శ్రీను ఇద్దరికీ 3,800. టోల్ ఎవరి దారిలోది వాళ్లకి. హైవే నుంచి లోపలికి తిప్పితే అదనం తిప్పించుకున్నవాళ్లది. శుక్రవారం సాయంత్రం తర్వాత మానేసి, ఆ సీటుకి ఇంకెవరూ దొరక్కపోతే వాటా ఇవ్వాల్సిందే."

ఆఖరి వాక్యం కటువుగా ఉందనిపిస్తే అసలు లెక్క చూడండి. లావణ్య పొద్దున్నే ఫోన్ చేసి రావట్లేదంటే మిగతా ముగ్గురికీ తలా 217 పెరుగుతుంది. ఆ మాట ముందు రాయకపోతే తర్వాత అడగడానికి ఎవరికీ నోరు రాదు.

డబ్బు ఎవరు దిగే చోట వాళ్లు, దిగకముందే ఫోన్‌పేనో గూగుల్‌పేనో చేసేయాలి. డ్రైవర్‌కి నలుగురూ విడివిడిగా ఇస్తే లెక్క కలవదు, కాబట్టి చివరిదాకా వెళ్లేవాళ్లలో ఒకరు, ఇక్కడ శ్రీను అనుకుందాం, తీసుకుని వాళ్లే డ్రైవర్‌కి ఇవ్వాలి. ఇంకో సంగతి: చాలామంది డ్రైవర్లు దారిలో బంకు దగ్గర ఆపి, డీజిల్‌కి కొంత అడ్వాన్స్ అడుగుతారు. ఆ సమయానికి ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఇచ్చేస్తారు, దిగేటప్పటికి మర్చిపోతారు. ఇచ్చిన వెంటనే గ్రూపులో "డీజిల్ 1,500 నరేశ్" అని రెండు ముక్కలు కొట్టండి. నరేశ్ వాటా టోల్‌తో కలిపి 1,000. అతను కోదాడలో దిగేటప్పుడు ఇవ్వాల్సింది ఏమీ లేదు, శ్రీనే అతనికి 500 తిరిగి పంపాలి. లావణ్య అప్పటికే శ్రీనుకి 700 పంపి ఉంటుంది. చివర్లో డ్రైవర్‌కి మిగిలింది 1,500 పోగా 3,900, టోల్ 300 డ్రైవరే కట్టి ఉంటే 4,200. పైసలు, ఒకటి రెండు రూపాయలు వస్తే దగ్గరి పదికి సరిచేసి, తేలిన తేడాని చివర్లో దిగేవాళ్లకి వేసేయండి.